డిశ్చార్జి రోజు సాయంత్రం కాదు, అంతకు వారం ముందే: వాయిదాల గురించి ప్రైవేటు ఆసుపత్రుల బిల్లింగ్ విభాగాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు, బిల్లింగ్ విభాగాల అధికారులకు

అయ్యా, అమ్మా,

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా మా మిల్లుకు వ్యాపారుల నుంచి రావలసిన బాకీలు వసూలు చేసేది కూడా నేనే. అందుచేత ఈ లేఖను ఆసుపత్రి బిల్లు చూసి బెదిరిపోయిన రోగి బంధువుగానే కాక, వాయిదాల మీద డబ్బు రాబట్టడం ఎంత కష్టమో తెలిసిన మనిషిగా కూడా రాస్తున్నాను. మీలో ఒక ఆసుపత్రికి నేను ఇంకా ఒక వాయిదా బాకీ ఉన్నాను. ఆ ఆసుపత్రి పేరు రాయను. నేను చెప్పబోయే తీరు అక్కడ ఒక్కచోటే ఉందని నేను అనుకోవడం లేదు.

గత ఏడాది ఆగస్టులో మా నాన్నగారిని జ్వరం, ఆయాసంతో మీ నగరానికి తీసుకువచ్చాము. ఆయన వయసు 67. చేర్చుకునేటప్పుడు న్యుమోనియా అన్నారు, మూడు నుంచి మూడున్నర లక్షలు కావచ్చని అంచనా చెప్పారు. మాకు 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది కనుక ధైర్యంగా సంతకాలు చేశాము. రెండో రోజు రాత్రికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఐసీయూలో తొమ్మిది రోజులు, అందులో నాలుగు రోజులు వెంటిలేటర్ మీద, ఆ తరువాత వార్డులో ఐదు రోజులు ఉంచవలసి వచ్చింది. ఆయన బతికి బయటపడ్డారు. వైద్యుల మీద, నర్సుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అంచనా తప్పినందుకు కూడా ఎవరినీ నిందించను, ఎందుకంటే ఒంట్లో ఇన్ఫెక్షన్ ఎటు తిరుగుతుందో చేర్చుకున్న రోజు ఎవరు మాత్రం చెప్పగలరు?

డిశ్చార్జి రోజు మధ్యాహ్నం చేతికి వచ్చిన బిల్లు 8,76,400 రూపాయలు. అందులో మందులే 2,91,000. బీమా సంస్థ తన పరిమితి మేరకు 5 లక్షలు ఇచ్చింది, మేము ముందే కట్టిన అడ్వాన్స్ లక్ష పోగా 2,76,400 కట్టమన్నారు. సాయంత్రం ఏడు గంటల దాకా మా నాన్నగారి చేతికి సెలైన్ కోసం గుచ్చిన క్యాన్యులా తీయలేదు. నేను అడిగితే, బిల్లు క్లియరెన్స్ చీటీ వార్డుకు రాలేదని నర్సమ్మ ఎంతో మర్యాదగా చెప్పింది. డబ్బు కట్టే దాకా రోగిని పంపబోమని బిల్లింగ్ కౌంటర్‌లో ఎవరూ నోటితో అనలేదు, ఆ మాట ఆ క్యాన్యులాయే చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం బిల్లు చెల్లింపులో వివాదం ఉందన్న కారణంతో రోగిని ఆపకూడదు. ఆ పత్రం మీ రిసెప్షన్ గోడకే ఫ్రేము కట్టి వేలాడుతూ ఉంది. నేను దాన్ని ఆ సాయంత్రం కాక, మరుసటి నెల చెకప్‌కు వచ్చినప్పుడు తీరిగ్గా చదివాను.

ఇక్కడ నా మొదటి అభ్యర్థన. బీమా పరిమితి దాటబోతోందన్న సంగతి బీమా క్లెయిములు చూసే మీ టీపీఏ డెస్కుకు డిశ్చార్జికి ఆరు రోజుల ముందే తెలుసు. రోజువారీ బిల్లు ఎనిమిదో రోజునే 5 లక్షలు దాటిందని తరువాత వివరాలు తీసుకున్నప్పుడు నేనే లెక్క కట్టి చూశాను. ఆ రోజున మాకు ఫోను వచ్చింది కానీ అది మరో 50 వేలు అడ్వాన్స్ కట్టమని మాత్రమే. "ఇక మీదట అయ్యే ఖర్చు అంతా మీ చేతి నుంచే, రోజుకు దాదాపు ఇంత అవుతుంది, ఎలా కడతారో ఒకసారి వచ్చి మాట్లాడండి" అన్న ఒక్క మాట ఆనాడు చెప్పి ఉంటే మాకు ఆరు రోజుల గడువు దొరికేది. ఆ ఆరు రోజుల్లో నేను మిల్లు యజమానిని అడిగి ఉండేవాణ్ణి, చీటీ పాడే వీలు చూసుకునేవాణ్ణి, మందుల పద్దులు రోజూ సరిచూసుకునేవాణ్ణి. వాయిదాల మాట మొదలుపెట్టవలసిన రోజు బీమా పరిమితి దాటిన రోజే. డిశ్చార్జి సాయంత్రం దాకా ఆగితే ఒకవైపు మనిషిని ఇంటికి తీసుకుపోవాలన్న ఆత్రుత, మరోవైపు మంచం ఖాళీ చేయించాలన్న తొందర ఉంటాయి. ఆ స్థితిలో కుదిరిన ఒప్పందం ఎవరికీ అచ్చిరాదు.

కౌంటర్‌లోని కుర్రవాడు నన్ను మొదట పంపింది అదే హాలులో ఒక మూల బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ సంస్థ మనిషి దగ్గరికి. ఆధార్, పాన్ చూసి పావుగంటలో లక్షన్నర మంజూరవుతుందని చెప్పారు. "ఏడాదికి పన్నెండు శాతమే సార్, నెలకు 14,000 కడితే సరిపోతుంది" అన్నారు. లెక్కలు నా వృత్తి కనుక అక్కడే నిలబడి వేసి చూసుకున్నాను. 14,000 చొప్పున పన్నెండు నెలలకు 1,68,000, అంటే వడ్డీ 18,000. వినడానికి 12 శాతమే. కానీ ఆ 12 శాతాన్ని మొత్తం లక్షన్నర మీద ఏడాది పొడవునా వేశారు, నేనేమో నెలనెలా అసలు తీరుస్తూ పోతాను, ఆరు నెలలు గడిచేసరికి నా దగ్గర మిగిలే అప్పు ఇంచుమించు సగమే. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 21 శాతం పైమాటే, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి రుణాలన్నిటికీ అసలైన వార్షిక రేటును చూపే కీలక వివరాల పత్రం ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పత్రం చూపించమని అడిగితే, సంతకం అయ్యాక ఈమెయిల్‌కు వస్తుందన్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆ అప్పు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు, వేరే దారి లేనివాళ్లకు అది అవసరమే. అయితే అది ఆసుపత్రి ఇచ్చే వాయిదా కాదు, బయటి సంస్థ ఇచ్చే అప్పు అని రోగి బంధువుకు కౌంటర్‌లోనే స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత మీది. ఆ కాగితం మీద సంతకం చేసిన మరుక్షణం మీ డబ్బు మీకు చేరిపోతుంది. రేపు బిల్లులో తప్పు బయటపడితే తగవు మీతో ఉంటుంది, నెలవారీ కట్టుబడి మాత్రం వారితో సాగుతూనే ఉంటుంది. మాట్లాడుకుని సరిదిద్దుకునే వీలు అక్కడితో ముగిసిపోతుంది.

కౌంటర్‌కు తిరిగి వచ్చి నేను అడిగింది రాయితీ కాదు, ఐటమ్ వారీ బిల్లు. మిల్లులో కూడా ఎవరైనా వాయిదాలు అడిగితే ముందు ఇరువైపులా పద్దు సరిచూసుకుంటాము, ఆ తరువాతే గడువు మాట్లాడుకుంటాము. తేలని మొత్తానికి వాయిదాలు వేసుకుంటే ప్రతి వాయిదా దగ్గరా అదే తగవు లేస్తుంది. ఇరవై మూడు పేజీల బిల్లు ఇచ్చారు. రెండు చోట్ల తేడా కనిపించింది. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజుకు ఐసీయూ చార్జీ, వార్డు గది అద్దె 8,000 రెండూ పడ్డాయి. రెండోది మెరోపెనెమ్ ఇంజెక్షన్ల సంగతి. డాక్టరు గారు ఎనిమిదో రోజు ఉదయం ఆ మందు ఆపి వేరేది రాశారని కేస్ షీటులో ఉంది, ఫార్మసీ నుంచి మాత్రం ఆ తరువాతి రెండు రోజులకు సరిపడా ఆరు వయల్స్ ముందే తెచ్చి ఉంచారు. వాడనివి వార్డు నుంచి ఫార్మసీకి తిరిగి వెళ్లాయి కానీ ఆ రిటర్న్ మా ఖాతాలో జమ కాలేదు. వాటితో పాటు తిరిగి వెళ్లిన ఇతర మందులూ కలిపి 11,400. మొత్తం 19,400 తగ్గి బిల్లు 8,57,000 అయింది. మోసం చేశారని నేను అనను, ఇవి పద్దు రాసే చోట జరిగే పొరపాట్లే. అయితే బీమా 5 లక్షల దగ్గర ఆగిపోయింది కనుక బిల్లులో తగ్గిన ప్రతి రూపాయీ నేరుగా మా బాకీలోనే తగ్గుతుంది, తగ్గకుండా మిగిలిపోయిన ప్రతి రూపాయీ మా జేబు నుంచే పోతుంది. అందుకే పరిమితి దాటిన కేసుల్లో ఫార్మసీ రిటర్నులు జమ అయ్యాయో లేదో చూడకుండా తుది బిల్లు తీయవద్దని నా రెండో అభ్యర్థన.

మిగిలిన 2,57,000లో యాజమాన్యం దయతో 37,000 రాయితీ వచ్చింది. మందుల మీద, డాక్టర్ల ఫీజు మీద ఇవ్వలేమనీ, ఆసుపత్రి సొంత చార్జీల మీదే ఇవ్వగలమనీ మేనేజరు గారు చెప్పారు, అది న్యాయంగానే తోచింది. తేలిన బాకీ 2,20,000. బంధువులందరూ తలా కొంత వేసి అప్పటికప్పుడు 70,000 కట్టాము. మా బాబాయి పెసలు అమ్మిన డబ్బు అందులో ఉంది. మిగిలిన లక్షన్నర ఆరు నెలల్లో, నెలకు 25,000 చొప్పున కట్టమని మేనేజరు గారి ప్రతిపాదన.

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవడం ఆ సాయంత్రానికి చాలా తేలిక, సంతకం పెడితే ఇంటికి పోవచ్చు. కానీ మా ఇంటికి నా జీతం, నా భార్య బడి జీతం కలిపి నెలకు 54,000 వస్తుంది. పిల్లల ఫీజులు, చీటీ, ఇంటి ఖర్చు, ఇప్పుడు కొత్తగా నాన్నగారి మందులు పోగా మిగిలేది 13 వేలకు అటూ ఇటూ. జీతపు చీటీ, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఆయన ముందు పెట్టి ఇలా చెప్పాను: "సార్, 25,000 అని రాసిస్తే మొదటి నెల ఎలాగో కడతాను, రెండో నెల సగం కడతాను, మూడో నెల మీ ఫోను ఎత్తను. 12,500 అని రాసుకుంటే పన్నెండు నెలలూ కడతాను." మిల్లులో నేను చూసింది అదే. పెద్ద మొత్తానికి మాట ఇచ్చినవాడు మొహం చాటేస్తాడు, పంట చేతికి వచ్చే నెల చూసుకుని తనకు వీలైన మొత్తం తనే చెప్పినవాడు కడతాడు. మేనేజరు గారు నా కాగితాలను కాసేపు చూసి, పన్నెండు నెలలకు సరేనన్నారు. తేదీ ప్రతి నెలా పదో తారీఖు అని రాసుకున్నాము. మాకు జీతాలు ఐదున పడతాయి, ఒకటో తారీఖు పెట్టుకుంటే మొదటి నెలలోనే తప్పేవాణ్ణి.

ఇక హామీ దగ్గర పేచీ వచ్చింది. సంతకం చేసిన మూడు ఖాళీ చెక్కులు, అంకె వేయని ప్రోనోటు ఇమ్మన్నారు, అందరూ ఇస్తారన్నారు. నిజమే, అందరూ ఇస్తున్నారు. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన కాగితాన్ని పూరించుకునే అధికారం దాన్ని పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం భావిస్తుందని సంతకం పెట్టేవారికి తెలియదు. అదే చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు చెల్లకపోతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. నేను ఖాళీ చెక్కులు ఇవ్వనన్నాను. దానికి బదులు పన్నెండు చెక్కులు, ఒక్కొక్కటి 12,500కు, ఒక్కొక్కదాని మీద ఆ నెల పదో తేదీ వేసి ఇచ్చాను. ప్రోనోటు మీద 1,50,000 అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి సంతకం చేశాను. వాటి నంబర్లన్నీ ఒక కాగితం మీద రాయించి, మీ ముద్ర వేయించుకుని ఒక ప్రతి తెచ్చుకున్నాను. దీనివల్ల మీకు నష్టం ఏమీ లేదని గమనించండి. బాకీ ఇంత అని నేను రాతపూర్వకంగా ఒప్పుకున్నాను కనుక, రేపు నేను ఎగవేస్తే కోర్టులో మీకు ఆ కాగితమే చాలు. ఖాళీ చెక్కు వల్ల మీకు అదనంగా దక్కేది బెదిరించే వీలు ఒక్కటే.

ఒప్పందం ఒకటిన్నర పేజీ. వడ్డీ లేదని, ముందుగా కడితే అదనపు చార్జీ ఉండదని, ఒక వాయిదా తప్పితే ఏడు రోజుల లోపల ఫోను చేసి చెప్పాకే చెక్కు బ్యాంకులో వేస్తారని, డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు బాకీతో సంబంధం లేకుండా ఇస్తారని రాసుకున్నాము. చివరి మాట కోసం కొంచెం గట్టిగా అడగవలసి వచ్చింది. రోగి అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన అని గుర్తు చేశాక ఒప్పుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు మా నాన్నగారు కారెక్కారు.

ఇంతవరకు మంచి ఒప్పందమే. అది తప్పింది నాలుగో వాయిదా దగ్గర, అదీ ఇద్దరి పొరపాటు వల్ల. డిసెంబరులో చెక్కు వేయవద్దని చెప్పి, ఎనిమిదో తారీఖునే 12,500 యూపీఐలో పంపాను. నా తప్పు ఏమిటంటే, పంపేటప్పుడు నోట్‌లో మా నాన్నగారి ఇన్‌పేషెంటు నంబరు, అంటే ఐపీ నంబరు, రాయలేదు. మీ ఖాతాకు రోజుకు వచ్చే వందల చెల్లింపుల్లో అది ఎవరిదో తేలక పక్కన పడి ఉంది. మీ తప్పు ఏమిటంటే, నేను ఫోనులో చెప్పిన సంగతి బిల్లింగ్ వారు విన్నారు కానీ చెక్కులు ఉండేది అకౌంట్స్ వారి దగ్గర. పదకొండున చెక్కు బ్యాంకుకు వెళ్లింది, నా ఖాతాలో ఉన్నది 9,000, చెక్కు తిరిగి వచ్చింది. నెలాఖరుకు లాయరు నోటీసు వచ్చింది, పదిహేను రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు అని. మా నాన్నగారు ఆ నోటీసు చదివి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, తన వల్లే కొడుకు కోర్టుకెక్కుతున్నాడని. చెక్కు ఇచ్చాక అందులో కొంత చెల్లించి ఉంటే, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి వేసిన చెక్కు చెల్లకపోయినా 138 కింద నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. నేనైతే కొంత కాదు, మొత్తమే కట్టేశాను. యూపీఐ లావాదేవీ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి జవాబు పంపితే రెండు వారాలకు నోటీసు ఉపసంహరించుకున్నారు. బ్యాంకు వేసిన చెక్కు రిటర్ను చార్జీ మాత్రం నాకే పడింది, పోనీలెమ్మనుకున్నాను.

ఆ తరువాత మీ అకౌంట్స్‌లోని ఒక అమ్మాయి తన సొంత నంబరు ఇచ్చి, "కట్టిన రోజే స్క్రీన్‌షాట్ పంపండి అంకుల్, ఆ నెల చెక్కు నేనే తీసి పక్కన పెడతాను" అంది. అప్పటి నుంచి ఏ ఇబ్బందీ రాలేదు. మార్చిలో చీటీ పాడి, ఆ నెల వాయిదాతో పాటు మరో రెండు కలిపి ఒకేసారి కట్టాను. ఒక్క అమ్మాయి సొంత చొరవతో సాఫీగా సాగిన పనిని మీరు పద్ధతిగా పెట్టలేరా? వాయిదాల మీద ఉన్న ప్రతి కుటుంబానికీ ఒకే మనిషిని కేటాయించండి, చెక్కులు ఆ మనిషి చేతిలోనే ఉండనివ్వండి, చెల్లింపుకు ఏ నంబరు రాయాలో ఒప్పందం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. ఇది నా మూడో అభ్యర్థన, మూడింటిలోనూ మీకు ఖర్చు లేనిది కూడా ఇదే.

వాయిదాలు ఉన్నాయని బోర్డు పెడితే ఉన్నవారు కూడా అవే అడుగుతారన్న మీ భయం నాకు అర్థమవుతుంది. మా మిల్లు యజమానికీ అదే భయం. అందుకే జీతపు చీటీ, బ్యాంకు స్టేట్‌మెంటు అడగండి, బీమా పరిమితి దాటిన వారికే అని నియమం పెట్టుకోండి, తక్షణం కట్టవలసిన భాగం మూడో వంతు అని ముందే చెప్పండి. బోర్డు వద్దనుకుంటే, అడ్మిషన్ కాగితాల్లో ఒక పేరా చాలు. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, గొంతు పెంచినవాడికి, తెలిసిన ఎమ్మెల్యే చేత ఫోను చేయించినవాడికి వాయిదాలు దొరుకుతున్నాయి. కౌంటర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడినవాడు మాత్రం పుస్తెలు తాకట్టు పెట్టి కడుతున్నాడు. ఆ రాత్రి నా ముందు వరుసలో ఉన్న ఒకామె చేసింది అదే. ఆమె బాకీ నాకంటే తక్కువ.

నా చివరి వాయిదా ఈ జూన్ పదో తేదీన. డబ్బు ఎనిమిదినే పంపుతాను, ఐపీ నంబరు రాసే పంపుతాను. పదకొండున నాన్నగారిని చెకప్‌కు తీసుకువస్తున్నాను. ఆ రోజుకు నా ప్రోనోటు, వాడకుండా మిగిలిన చెక్కులు, బాకీ లేదన్న పత్రం కౌంటర్ దగ్గర సిద్ధంగా ఉంచవలసిందిగా కోరుతున్నాను. ఆ చెక్కుల నంబర్లు మీ ముద్ర ఉన్న నా ప్రతిలో ఉన్నాయి, అది వెంట తెస్తాను.

ఇట్లు,
మిర్యాలగూడ నుంచి ఒక రోగి కుమారుడు